శుభలేఖలో ‘కీ.శే.’ ఎవరికి తగులుతుంది?

సందేహం: మా చెల్లెలి పెళ్లికి శుభలేఖ వేయిస్తున్నాం. నాన్నగారు లేరు, అమ్మే పిలుస్తోంది. అమ్మ పేరు ముందు ‘శ్రీమతి’ ఉండకూడదని పెదనాన్న అంటే తీసేశాం. ఇప్పుడు ప్రూఫులో ‘కీ.శే. రామయ్య, సీతమ్మ గార్ల ద్వితీయ పుత్రిక’ అని వచ్చింది. అది చూసి మామయ్య ‘మా అక్కను కూడా పైకి పంపేశారా?’ అని గొడవ. ‘మధర్పిత’ అన్న మాట సరైనదేనా? ముహూర్తం మే 6 బుధవారం రాత్రి 2.41కి. 6 అని వేయాలా, 7 అని వేయాలా? టెన్షన్‌గా ఉంది. (పేర్లు మార్చాను.)

సమాధానం: మీ మామయ్య కోపంలో న్యాయం ఉంది. కీ.శే. అంటే కీర్తిశేషులు, కీర్తి ఒక్కటే మిగిలినవారు అని అర్థం. మీ ప్రూఫులో చివర ఉన్న ‘గార్ల’ ఇద్దరినీ ఒక ముడి వేసింది. చివరి మాట ఇద్దరిదీ అయినప్పుడు మొదటి మాట కూడా ఇద్దరిదే అనుకోవడం సహజం. ‘డాక్టర్ రామయ్య, సీతమ్మ గార్లు’ అని ఉంటే ఆవిడా డాక్టరేనా అని అడగమూ? ఇదీ అంతే. ‘శ్రీమతి’ ఉన్నంతసేపూ అది మధ్యలో అడ్డుగోడలా నిలబడింది. తీసేయగానే కీ.శే. పక్కింట్లోకి దూరింది.

అయితే ఆ గోడ మళ్లీ కట్టేస్తే సరిపోదు. శుభలేఖ పేరులోనే లేఖ ఉంది. ఉత్తరం ఎవరు రాస్తున్నారో తేల్చుకుంటే సగం చిక్కులు వాటంతటవే పోతాయి. రాస్తున్నది మీ అమ్మగారు. ఆవిడే ‘సీతమ్మగారి పుత్రిక’ అని రాస్తే, తన పేరుకు తానే గారు తగిలించుకున్నట్టు అవుతుంది. ఆవిడ నోట ‘మా ద్వితీయ పుత్రిక’ అనే రావాలి. ఆవిడ పేరు ఉండాల్సిన చోటు అడుగున, ‘ఇట్లు’ దగ్గర. మధ్యలో నాన్నగారి పేరు ఒక్కటే మిగులుతుంది కాబట్టి కీ.శే. ఇంకెవరికీ తగలదు.

పెదనాన్నగారి అభ్యంతరానికీ ఇక్కడే దారి దొరుకుతుంది. తన పేరుకు తాను శ్రీమతి పెట్టుకోనక్కరలేదు కనుక సంతకం దగ్గర ‘సీతమ్మ’ అంటే చాలు. కానీ ఆయన చెప్పిన కారణం మాత్రం నేను ఒప్పుకోను. శ్రీమతి అంటే శ్రీ కలిగిన స్త్రీ. శ్రీమాన్‌కు స్త్రీలింగం. అందులో భర్త ఊసే లేదు. పాతకాలం ఉత్తరాల్లో సుమంగళికి ‘మహాలక్ష్మీ సమానురాలైన’ అనీ, భర్త పోయినవారికి ‘గంగాభాగీరథీ సమానురాలైన’ అనీ రాసేవారు. ఆ తేడా చూపించడానికి వేరే మాటలు ఉండేవి గాని, దానికోసం శ్రీమతిని ఎవరూ లాక్కోలేదు. కాబట్టి పెళ్లికొడుకు వాళ్లు వేసుకునే శుభలేఖలో, అక్కడ రాసేది వేరేవాళ్లు కనుక, ‘శ్రీమతి సీతమ్మగారి, కీ.శే. రామయ్యగారి ద్వితీయ పుత్రిక’ అని నిక్షేపంగా వేయించవచ్చు. ఎవరి ‘గారు’ వారికే ఉంది చూడండి, ముడి పడే వీలు లేదు. కన్యాదానం పెదనాన్న, పెద్దమ్మ చేస్తున్నా సరే, పీటల మీద కూర్చునేవారే శుభలేఖ రాయాలన్న నియమం భాషలో లేదు.

తాతల పేర్లు కూడా వేస్తారేమో. కొడుకు కూతురు పౌత్రి, కూతురి కూతురు దౌహిత్రి. చాలా శుభలేఖల్లో అమ్మ తరఫు తాత పేరు పక్కన పౌత్రి అని కనిపిస్తుంది. అనుమానంగా ఉంటే మనుమరాలు అనేయండి, రెండు వైపులకూ సరిపోతుంది.

ఇక ‘మధర్పిత’ తప్పు. ‘మత్’ అంటే సంస్కృతంలో ‘నా’. మత్ + అర్పిత కలిస్తే త్ కాస్తా ద్ అయి ‘మదర్పిత’ అవుతుంది, అంటే నేను సమర్పించే అని. అక్కడ ధకు చోటే లేదు. నిజానికి దంపతులు కలిసి పిలిచే శుభలేఖల్లో మదర్పిత కూడా సరిగ్గా అతకదు. ‘మేము సమర్పించే’ అనాలంటే ‘అస్మదర్పిత’ అనాలి. ఎవరూ అనరనుకోండి. మీ ఇంట్లో పిలిచేది ఒక్క అమ్మగారే కాబట్టి, అందరూ అలవాటుగా వేసే ఈ ఏకవచనం మీకు మాత్రం అచ్చంగా సరిపోయింది. ‘మా పుత్రిక’లో మా ఎలా అంటారా? తెలుగులో ఒక్కరే మాట్లాడినా ‘మా అమ్మాయి’ అంటాం కదా, దాన్ని కదపకండి. ‘సకుటుంబ సపరివార సమేతముగా’ అన్నదాన్ని మాత్రం కొంచెం తగ్గించవచ్చు. ‘స’ అన్నా ‘సమేత’ అన్నా కూడా అనే అర్థం. సకుటుంబంగా అంటే చాలు.

తేదీ దగ్గర జాగ్రత్త. పంచాంగంలో వారం సూర్యోదయంతో మొదలై మర్నాటి సూర్యోదయం దాకా ఉంటుంది. కాబట్టి పురోహితులు చెప్పిన బుధవారం రాత్రి 2.41 అక్షరాలా నిజం. గోడ మీది క్యాలెండరుకు మాత్రం అర్ధరాత్రి దాటగానే 7వ తేదీ గురువారం వచ్చేస్తుంది. మనవాళ్లు దీనికి ఎప్పుడో చక్కటి మాట కనిపెట్టారు: ‘తెల్లవారితే గురువారం’. దాన్ని వదలకండి. చిక్కల్లా రెండు లెక్కలనూ కలిపేసినప్పుడే. ‘7-5-2026 గురువారం రాత్రి 2.41’ అని వేస్తే చుట్టాలు గురువారం భోంచేసి బయల్దేరతారు. ఒకసారి నేను అలాగే ఒక మిత్రుడి కూతురి పెళ్లికి వెళితే, మండపంలో కుర్చీలు ఎత్తుతున్నారు. దూరపు చుట్టాల కోసం ‘విందు: 6వ తేదీ రాత్రి 7 గంటల నుంచి’ అన్న వరుస కూడా వేస్తే పొరపాటుకు తావుండదు. శుభలేఖలో వేసేది జీలకర్ర బెల్లం పెట్టే వేళ, భోజనాల వేళ కాదు కదా.

సంవత్సరం పేరు మీరు అడగలేదు గాని, ఈసారి చాలామంది అడుగుతున్నారు. ఇది పరాభవ నామ సంవత్సరం. పెళ్లి పత్రిక మీద పరాభవం ఏమిటని కొందరికి బెంగ. అది అరవైలో ఒక పేరు మాత్రమే. మనసొప్పకపోతే మానేయండి. తేదీ, వారం, వేళ ఉంటే పెళ్లికి రావచ్చు.

ఇదంతా కలిపితే మీ శుభలేఖ ఇలా ఉంటుంది:

శ్రీరస్తు – శుభమస్తు – అవిఘ్నమస్తు

మా ద్వితీయ పుత్రిక, కీ.శే. రామయ్యగారి కుమార్తె చి.ల.సౌ. లక్ష్మిని, శ్రీమతి జానకి, శ్రీ గోపాలం గార్ల జ్యేష్ఠ పుత్రుడు చి. మాధవ్‌కు ఇచ్చి, 6-5-2026 బుధవారం రాత్రి 2.41 గంటలకు (తెల్లవారితే గురువారం) వివాహం జరిపించ నిశ్చయించాను. కావున మీరు సకుటుంబంగా విచ్చేసి, వధూవరులను ఆశీర్వదించి, మదర్పిత చందన తాంబూలాది సత్కారములు స్వీకరింప ప్రార్థన.

ఇట్లు,
సీతమ్మ

పెళ్లికొడుకు తల్లిదండ్రులు ఇద్దరూ ఉన్నారనుకుని అక్కడ ‘గార్ల’ ఉంచాను. చదువులు రాయాలనుకుంటే పేరు కింద చిన్న అక్షరాల్లో వేయించండి. పేరుకూ ‘ని’కీ మధ్య బ్రాకెట్టు పెడితే ‘లక్ష్మి (బీటెక్)ని’ అని విభక్తి డిగ్రీకి అంటుకుంటుంది. ప్రూఫు తిప్పి పంపేముందు అడుగున ఇంకోసారి చూడండి. ప్రెస్సులవాళ్లు పిలిచేవారి పేర్ల పైన ‘ఆహ్వానితులు’ అని పెడుతుంటారు. ఆహ్వానితులు అంటే పిలుపు అందుకున్నవారు. అది కొట్టేసి ‘ఆహ్వానించువారు’ అని రాయండి. పెదనాన్న, మామయ్యల పేర్లు ఇద్దరివీ అక్కడ పక్కపక్కనే వేయవచ్చు.