మూడు వేల మాటలు వచ్చినా వార్త ఎందుకు అర్థం కావడం లేదు?

సందేహం: తెలుగు నేర్చుకుంటున్నాను. ఎక్కువగా వాడే పదాల జాబితా ఒకటి దొరికితే తెలిసినవాటికి టిక్కు పెట్టుకుంటూ పోయాను. 3,000 దాటాయి. భాష ఎంత వచ్చో చెప్పే ఆరు స్థాయుల్లో మూడోదైన బి1కి అంతే చాలంటారు కదా, మరి చిన్న వార్త కూడా ఎందుకు కొరుకుడు పడటం లేదు?

సమాధానం: మీరు లెక్కపెట్టినవి మాటలు కావు, రూపాలు. ఇలాంటి జాబితాలను సాధారణంగా కంప్యూటర్ తయారుచేస్తుంది. రెండు ఖాళీల మధ్య ఏది కనిపించినా దానికి అది ఒక పదమే. ఇల్లు, ఇంట్లో, ఇంటికి, ఇళ్ళు దాని లెక్కలో నాలుగు, నిఘంటువులో ఒకటి. క్రియల సంగతి చెప్పనే అక్కర్లేదు. వచ్చాడు, వస్తే, రాలేదు, వచ్చాడని... ఒక్క 'వచ్చు'కే పేజీ నిండుతుంది.

ఇక బి1 అంకె. ఈ ఆరు స్థాయులను వివరిస్తూ యూరప్ మండలి 2001లో ప్రచురించిన పత్రం ఏ స్థాయికి ఎన్ని పదాలు కావాలో చెప్పలేదు. ఆ లెక్కలు పరిశోధకులు తర్వాత కట్టినవి. మిల్టన్, అలెక్సియు 2009లో ఇంగ్లిష్ నేర్చుకునేవారికి బి1 దగ్గర 2,750 నుంచి 3,250 దాకా చూపారు. అది కూడా బాగా వాడుకలో ఉన్న 5,000 మూలరూపాల్లోంచి. తెలుగుకు దాన్ని ఉజ్జాయింపుగానే తీసుకోవాలి.

కాబట్టి ముందు జాబితాలోని రూపాలను మూలపదం కిందికి చేర్చండి. మిగిలినవాటిని వాడుక ఎక్కువ ఉన్న క్రమంలోనే వెయ్యేసి చొప్పున ఐదు కట్టలు చేసి, ప్రతి కట్టలో ఎక్కడపడితే అక్కడ 20 పదాలు తీయండి. తెలిసిన ప్రతి పదం 50 పదాలకు లెక్క. వరుసగా 18, 14, 9, 5, 2 వచ్చాయనుకుందాం. మొత్తం 48, అంటే 2,400.

ఇక్కడే మనల్ని మనం మోసం చేసుకుంటాం. ఎక్కడో చూసినట్టుంటే చాలు, చెయ్యి టిక్కు పెట్టేస్తుంది. అందుకని 'నెరటిక', 'బొలిసం' లాంటి లేని మాటలు 20 ఎవరిచేతనైనా కలిపించండి. వాటిలో ఒక్కోదానికి 'తెలుసు' అన్నప్పుడల్లా 250 తీసెయ్యాలి. రెండింటికి అంటే మిగిలేది 1,900. అంకె కాస్త కటువుగా ఉంటుంది గానీ, నాకు దానిమీదే నమ్మకం.

ఐదు కట్టలూ పూర్తిగా వచ్చినా ఈ పరీక్ష 5,000 దాటి చూపలేదు. పదం గుర్తుపట్టడాన్నే కొలుస్తుంది, వాడగలరా అన్నది దానికి పట్టదు. తెలుగులో ఇంకో చిక్కు రెండు మాటలు కలిసి ఒక్కటైన క్రియలు. 'చేయి' అనే నామవాచకం తెలుసు, 'పట్టు' అనే క్రియ తెలుసు. 'సర్వే చేపట్టారు' అన్న వాక్యంలో ఆ రెండూ కలిసి 'మొదలుపెట్టారు' అనే అర్థమిస్తాయి. కనిపెట్టు, తలపెట్టు, ఎండగట్టు కూడా అలాంటివే. రూపాలను కలిపేటప్పుడు వీటిని మాత్రం 'పట్టు', 'పెట్టు', 'కట్టు' కింద కలపకండి. వేరే పదాలుగానే ఉంచండి. వార్తల్లో మీకు అడ్డుపడుతున్నవి చాలావరకు ఇవే అయ్యుంటాయి.