నెల రోజులు ఊరి నుంచి పని చేస్తానని మేనేజర్‌ని ఎలా అడగాలి: మా అన్నయ్య కూతురికి రాసిన లెటర్

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో నువ్వు అడిగినప్పుడు నేను బయట ఉన్నా, సరిగ్గా చెప్పలేకపోయా, అందుకే కూర్చుని రాస్తున్నా, కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదువు.

అన్నయ్యకి మోకాలి ఆపరేషన్, నువ్వు నెల రోజులు ఊళ్ళో ఉండాలి, నీకున్న లీవులు 14, నెలలో వర్కింగ్ డేస్ 22. లీవులన్నీ ఊడ్చి పెట్టినా ఇంకా ఎనిమిది రోజులు లాస్ ఆఫ్ పే. కాబట్టి వర్క్ ఫ్రమ్ హోమ్ అడుగుదాం అనుకున్నావ్, బావుంది. కానీ నువ్వు నాకు చదివి వినిపించిన మెయిల్‌లో "నేను ఎప్పుడూ అందుబాటులోనే ఉంటాను" అని ఒక ముక్క ఉంది చూశావా, ముందు అది కొట్టెయ్. ఆ మాట అనే నేను ఒకసారి మునిగిపోయా.

మీ నానమ్మకి బాలేనప్పుడు నేనూ ఇలాగే నెల రోజులు వెళ్ళా. అడిగితే ఒప్పుకోరేమో అన్న భయంతో "ఎప్పుడు కావాలన్నా ఉంటాను సార్" అనేశా. మూడో రోజు అమ్మని బాత్రూమ్ నుంచి రెండు చేతులా పట్టుకుని తీసుకొస్తుంటే జేబులో ఫోన్ ఆగకుండా మోగుతోంది, ఎత్తలేను, అమ్మేమో "ఎత్తరా, నేను గోడ పట్టుకుంటాలే" అంటోంది. ఆ ఫోన్ తీరా చూస్తే ఒక ఫైల్ ఎక్కడుందో అడగడానికి. నెలాఖరుకి ఆఫీసు వాళ్ళకి నేను సరిగ్గా దొరకలేదని కోపం, ఇంట్లో వాళ్ళకి ఎప్పుడు చూసినా లాప్‌టాప్ ముందే ఉన్నానని కోపం. పోనీ లీవులు మిగిలాయి కదా అంటావేమో, నిద్ర లేక చివర్లో నాకే జ్వరం వచ్చి నాలుగు పోయాయి.

తర్వాత నేనే టీమ్ చూసే స్థానంలోకి వచ్చాక ఇలాంటి రిక్వెస్టులు చాలా వచ్చాయి. అప్పుడు తెలిసింది, మేనేజర్‌కి నువ్వు పని ఎగ్గొడతావన్న భయం పెద్దగా ఉండదు. మధ్యాహ్నం మూడింటికి ఏదైనా అయితే నువ్వు దొరుకుతావా లేదా, దొరక్కపోతే ఎవర్ని అడగాలి, ఇదే ఆయన బాధ. దానికి నీ మెయిల్‌లో జవాబు ఉంటే సగం పని అయిపోయినట్టే.

కాబట్టి టైమింగ్స్ ముందు ఆఫీసు వైపు నుంచి కాకుండా ఇంటి వైపు నుంచి లెక్కెయ్. వదినకి ఫోన్ చేసి, డాక్టర్ ఏం చెప్పారో కనుక్కుని, ఆపరేషన్ తర్వాత రోజు ఎలా గడుస్తుందో కాగితం మీద గంటల వారీగా రాయి. నాకు వదిన చెప్పినదాన్ని బట్టి పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది వరకు ఎక్సర్‌సైజులు, ఒంటి గంట నుంచి రెండున్నర దాకా భోజనం, మందులు, ఐస్ పెట్టడం, కాసేపు నడిపించడం, సాయంత్రం ఐదుంపావుకి ఫిజియో ఆయన వస్తాడు, రాత్రి ఎనిమిదికల్లా మీ నాన్న పడుకుంటాడు. ఇవి కదలని టైములు, వీటి మధ్య మిగిలిందే నీ ఆఫీసు.

అంటే తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట, మూడున్నర గంటలు. రెండున్నర నుంచి ఐదు, రెండున్నర గంటలు. ఈ ఆరు గంటలూ నువ్వు కాల్‌కీ చాట్‌కీ దొరుకుతావు. మిగతా రెండు గంటలు రాత్రి ఎనిమిదిన్నర నుంచి పదిన్నర, అది నీ సొంత పనికి మాత్రమే, ఆ టైమ్‌లో మీటింగ్ పెట్టొద్దని ముందే చెప్పెయ్. మొత్తం ఎనిమిది. మీ రోజువారీ మీటింగ్ పదింటికి అన్నావు, మంగళవారం రివ్యూ నాలుగింటికి, రెండూ ఈ ఆరు గంటల్లోనే పడుతున్నాయి, నీ అదృష్టం. పడకపోయుంటే ఆ మీటింగ్ జరపమని అడగడం కంటే ఆ ఒక్క రోజుకి వదిన్నో ఇంకెవర్నో ఇంటి పనికి సర్దుకోమనడం తేలిక. పది మంది క్యాలెండర్లు కదిపించే రిక్వెస్ట్‌కి ఎవరైనా మొహం చిట్లిస్తారు.

ఇంకో మాట, మొదటి వారం వర్క్ ఫ్రమ్ హోమ్ అడక్కు. సోమవారం ఆపరేషన్ అంటే ఆ ఐదు రోజులూ హాస్పిటల్లో ఒక కాలు ఇంట్లో ఒక కాలు, అక్కడ లాప్‌టాప్ తెరిచి ఏం చేస్తావ్. ఆ ఐదూ పూర్తి లీవ్ పెట్టెయ్. సుమారు రెండు వారాలకి కుట్లు తీయడానికి వెళ్ళాలి, ఆ రోజు హాఫ్ డే, నెలాఖరు చెకప్‌కి ఇంకో హాఫ్ డే. మొత్తం ఆరు లీవులు, ఇంకా ఎనిమిది చేతిలో ఉంటాయి. చూసేవాళ్ళకి కూడా ఇది నిజాయితీగా కనపడుతుంది, పని చేయలేని రోజులు లీవ్ పెట్టింది, చేయగలిగిన రోజులే అడిగింది అని.

మెయిల్ పంపే ముందు నోటితో చెప్పు, పది నిమిషాలు టైమ్ అడిగి. చల్లగా మెయిల్ పడేస్తే ఆయన అది హెచ్ఆర్‌కి ఫార్వర్డ్ చేసి చేతులు దులుపుకుంటాడు. మాట్లాడాక అదే రోజు మెయిల్ పెట్టు. ఇంగ్లీషులో నువ్వే రాసుకో, విషయం మాత్రం ఇంతే ఉండాలి:

"మా నాన్నగారికి ఫలానా తేదీన మోకాలి ఆపరేషన్. మొదటి వారం ఐదు రోజులు లీవ్ తీసుకుంటాను. తర్వాత మూడు వారాలకు పైగా, ఫలానా తేదీ వరకు, మా ఊరి నుంచి పని చేయడానికి అనుమతి కావాలి. ఉదయం 9.30 నుంచి 1.00, మధ్యాహ్నం 2.30 నుంచి 5.00 వరకు కాల్స్‌కీ చాట్‌కీ ఉంటాను, అరగంటలోపు జవాబిస్తాను. రాత్రి 8.30 నుంచి 10.30 వరకు నా పని చేసుకుంటాను, కాల్స్ ఉండవు. మిగతా టైమ్‌లో సిస్టమ్ ఆగిపోయినంత అర్జంట్ అయితే ఫోన్ చేయండి, మెసేజ్ చూడకపోవచ్చు. నేను దొరకనప్పుడు ఫలానా సహోద్యోగి చూసుకుంటారు, వారితో మాట్లాడాను. రెండు హాఫ్ డే లీవులు ఉంటాయి, తేదీలు ఖరారు కాగానే చెప్తాను. వారం తర్వాత ఎలా జరుగుతోందో ఒకసారి చూద్దాం, మీకు ఇబ్బంది అనిపిస్తే మారుస్తాను. ఫలానా సోమవారం ఆఫీసులో ఉంటాను."

ఇందులో "వారితో మాట్లాడాను" అన్నది అబద్ధం కాకూడదు సుమా. ముందు ఆ అమ్మాయిని అడుగు, ఏమేం పెండింగ్‌లో ఉన్నాయో ఒక పేజీ రాసివ్వు, ఆమె లీవ్‌కి నువ్వు చూసుకుంటానని చెప్పు. తిరిగొచ్చే తేదీ తప్పకుండా ఉండాలి, నెల రోజులు అని ఊరికే రాస్తే ఎవరికి వాళ్ళు వేరే నెల అనుకుంటారు. మీ నాన్న మెడికల్ వివరాలు ఇంతకంటే రాయకు, అక్కర్లేదు.

కంపెనీ పాలసీలో ఆఫీసు లేని ఊరి నుంచి పని చేయడానికి ఎన్ని రోజులు ఇస్తారో, ఐటీ వాళ్ళ పర్మిషన్ కావాలో కూడా ఒకసారి చూసుకో. చెప్పకుండా వెళ్ళిపోదాం అనే ఆలోచన అస్సలు వద్దు, లాగిన్ ఎక్కడి నుంచి అవుతోందో వాళ్ళకి తెలిసే అవకాశం ఉంది, అప్పుడు మీ నాన్న ఆపరేషన్ నిజమే అయినా నువ్వు దొంగలా నిలబడాలి.

నెట్ సంగతి. ఆపరేషన్‌కి ముందు ఒక శనాదివారాలు ఊరెళ్ళి అక్కడ నుంచి వీపీఎన్ కనెక్ట్ చేసి, ఒక వీడియో కాల్ గంట సేపు మాట్లాడి చూడు. అందరూ డౌన్‌లోడ్ స్పీడ్ చూసి మురిసిపోతారు, కాల్‌లో నీ గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించేది అప్‌లోడ్ సరిగ్గా లేకపోతే. అప్‌లోడ్ నాలుగైదు ఎంబీపీఎస్ నిలకడగా ఉంటే చాలు, పెద్ద ప్లాన్ అక్కర్లేదు. రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టించు, కరెంటు పోయినప్పుడు లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది గానీ రౌటరే ముందు పోతుంది. నీ సిమ్ కాకుండా వేరే కంపెనీ సిమ్ ఒకటి హాట్‌స్పాట్‌కి పెట్టుకో. రౌటర్ ఉన్న గదిలో ఎవరు పడుకుంటారో కూడా చూసుకో, మీ నాన్న మంచం అక్కడే వేస్తే నీ కాల్స్ అన్నీ ఆయన వినాల్సిందే, ఊరుకుంటాడా, మధ్యలో సలహాలిస్తాడు.

అసలు గొడవ ఇంట్లోనే వస్తుంది, ఇది ఎవరూ చెప్పరు. నువ్వు ఇంట్లో కనపడితే చాలు, ఖాళీగా ఉన్నట్టే లెక్క. "ఒక్క నిమిషం ఇలా రా" అని పిలుస్తారు, అలాంటి ఒక్క నిమిషాలు రోజుకి ఇరవై. నీ టైములు పెద్ద అక్షరాలతో రాసి గది తలుపుకి అంటించు, తలుపు వేసి ఉంటే కాల్‌లో ఉన్నట్టు, తీసి ఉంటే పిలవొచ్చు. ఆఫీసు క్యాలెండర్‌లో కూడా మధ్యాహ్నం, సాయంత్రం ఖాళీలు బ్లాక్ చేసి పెట్టు, లేకపోతే ఒకటిన్నరకి ఎవరో మీటింగ్ వేస్తారు, వాళ్ళ తప్పు కాదు, వాళ్ళకి తెల్లగా ఖాళీ కనపడింది మరి.

ఇది చెడిపోతోందని ఎలా తెలుస్తుందంటే, రాత్రి రెండు గంటల పని పన్నెండు దాకా సాగడం మొదలవుతుంది. ఒకరోజు అయితే పర్లేదు, వరసగా మూడు రోజులు అయితే పగలు ఆరు గంటలు నిజంగా ఆరు అవ్వట్లేదని అర్థం. అప్పుడు వెంటనే ఒక హాఫ్ డే లీవ్ పెట్టి నిద్రపో, మేనేజర్‌తో "సాయంత్రం ఐదుకి బదులు నాలుగున్నరకే ముగిస్తాను, ఆ అరగంట పని ఫలానా వారానికి జరుపుతాను" అని చెప్పెయ్. ముందుగా చెప్పిన మార్పుని ఎవరూ తప్పు పట్టరు, పట్టుబడ్డాక చెప్పినదే సాకులా వినపడుతుంది.

ఒకవేళ కుదరదన్నాడనుకో, వాదించకు. "ఏది ఇబ్బందిగా ఉంది సార్" అని అడుగు. మధ్యాహ్నం గ్యాప్ అయితే వదినతో మాట్లాడి గంటకి తగ్గించొచ్చు, నెల ఎక్కువ అనిపిస్తే రెండు వారాలకి ఒప్పించి, అది సాఫీగా జరిగాక మిగతా రోజులకి అడగొచ్చు. అప్పటికీ కాదంటే ఉన్న లీవులు పెట్టి, మిగతా రోజులకి నేను వచ్చి అన్నయ్య దగ్గర ఉంటా, ఎలాగూ రావాలనే అనుకుంటున్నా.

వదినతో నీ టైముల సంగతి ఆదివారం నేనే మాట్లాడతా, నువ్వు చెప్తే కొట్టిపారేస్తుంది. మెయిల్ పంపే ముందు నాకు ఒకసారి పంపించు, తేదీలు సరిచూస్తా.

మీ బాబాయ్