ప్యాకెట్‌లో షుగర్ 5 గ్రాములేనా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. రెండేళ్లుగా షుగర్‌కి మాత్రలు వాడుతున్నాను. సాయంత్రం టీతో బిస్కెట్లు తింటాను, మాటల్లో పడితే ప్యాకెట్ అయిపోతుంది. 120 గ్రాముల ప్యాకెట్ మీద షుగర్ 5 గ్రాములే అని ఉంది. అయినా రాత్రి భోజనానికి ముందే 230 చూపిస్తోంది. లేబుల్ తప్పా, మెషిన్ తప్పా?
- ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: రెండూ తప్పు కాకపోవచ్చు. ఆ 5 గ్రాములు ఏ గడిలో ఉన్నాయో మళ్లీ చూడండి. ‘పర్ సర్వ్’ కింద ఉంటే అది ప్యాకెట్ లెక్క కాదు, కంపెనీ ఒక వడ్డనగా అనుకున్న కొద్ది బిస్కెట్ల లెక్క. దగ్గర్లోనే ‘సర్వ్ సైజ్ 20 గ్రా.’, ‘సర్వింగ్స్ పర్ ప్యాక్ 6’ లాంటి మాటలు చిన్న అక్షరాల్లో ఉంటాయి. మీ ప్యాకెట్ మీద అవే అంకెలుంటే 5ని 6తో హెచ్చవేయండి. మొత్తం 30 గ్రాములు, అంటే సుమారు ఆరు టీస్పూన్ల పంచదార. ప్యాకెట్‌లో 18 బిస్కెట్లుంటే, వాళ్ల వడ్డన మూడు బిస్కెట్లే. టీతో మూడింటికే ఆగేవాళ్లు ఎంతమంది?

సర్వింగ్స్ సంఖ్య దగ్గర ‘సుమారు’ అని ఉన్నా, అసలు లేకపోయినా ‘100 గ్రాములకు’ అన్న గడి చూడండి. అక్కడ టోటల్ షుగర్స్ 25 అని ఉంటే, దాన్ని ప్యాకెట్ నికర బరువు 120తో హెచ్చవేసి 100తో భాగించండి. మళ్లీ 30 గ్రాములే వస్తుంది. నేనైతే ఈ లెక్కనే నమ్ముతాను. రెండు కంపెనీల ప్యాకెట్లను పోల్చాలన్నా ఇదే పనికొస్తుంది, ఎందుకంటే వడ్డన ఎంతో ఎవరికి వాళ్లే రాసుకుంటారు. టోటల్ షుగర్స్ కింద ‘యాడెడ్ షుగర్స్’ అని ఇంకో వరుస కనిపిస్తుంది. అది పై అంకెలోని భాగమే, రెండూ కలపకండి.

మీకు షుగర్ ఉంది కాబట్టి పంచదార దగ్గరే ఆగిపోకూడదు. కార్బోహైడ్రేట్ వరుస కూడా చూడాలి. 100 గ్రాములకు 70 అని ఉంటే ప్యాకెట్ మొత్తానికి 84 గ్రాములు. పంచదార అందులో కలిసే ఉంటుంది, మిగతాది చాలావరకు మైదా పిండిపదార్థం. అదీ రక్తంలో గ్లూకోజే అవుతుంది. వండిన తెల్ల అన్నం దాదాపు 300 గ్రాములు తింటే వచ్చేది అంతే. ‘షుగర్ ఫ్రీ’ బిస్కెట్లలోనూ ఈ పిండి ఉంటుంది.

వారం పాటు మూడు బిస్కెట్లే ప్లేట్‌లో పెట్టుకుని, ప్యాకెట్ లోపల పెట్టేయండి. రోజూ అదే వేళకు పరీక్ష చేసి రాసుకోండి. అంకె దిగితే కారణం దొరికినట్టే. దిగకపోతే ఆ చీటీతో మీ డాక్టర్‌ని కలవండి, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా అడగండి. ఈలోగా మాత్రల డోసు మీరే పెంచుకోవద్దు.