ముందే అందిన అద్దె ఎప్పుడు ఆదాయం అవుతుంది?

ప్రశ్న: దుకాణం అద్దె ఆరు నెలలది ఒకేసారి ముందుగా ఇచ్చారు. మొత్తం ఈ ఏడాది ఆదాయంగానే రాయాలా?

అక్కర్లేదు, ఏ నెల గడిస్తే ఆ నెల అద్దె మాత్రమే ఆదాయం. ఎందుకంటే అద్దె అనేది స్థలాన్ని వాడుకోనిచ్చినందుకు వచ్చే ప్రతిఫలం. గడవని నెలల విషయంలో యజమాని ఇంకా ఏమీ ఇవ్వలేదు, కాబట్టి ఆ సొమ్ము అప్పటివరకు అతని బాధ్యతే.

నెలకు 20,000 చొప్పున జనవరి 1న 1,20,000 రూపాయలు బ్యాంకులో పడ్డాయనుకుందాం. ఆ రోజు బ్యాంకు ఖాతాకు డెబిట్, ‘ముందుగా వచ్చిన అద్దె’ ఖాతాకు క్రెడిట్ రాయాలి. ప్రతి నెలాఖరున అందులోంచి 20,000 తీసి అద్దె ఆదాయానికి మార్చాలి. మార్చి 31న లెక్కలు ముగించేసరికి లాభనష్టాల ఖాతాలో 60,000 కనిపిస్తుంది. మిగతా 60,000 ఆస్తి అప్పుల పట్టీలో అప్పుల వైపు ఉంటుంది, జూన్ నెలాఖరుకు సున్నా అవుతుంది.

చాలామంది పొరబడేది ‘అడ్వాన్సు’ అనే మాట దగ్గర. మన ఊళ్లలో ఖాళీ చేసేటప్పుడు తిరిగి ఇచ్చే డిపాజిట్టునూ అడ్వాన్సు అనే అంటారు. దాన్ని ఇలా నెలనెలా ఆదాయంలోకి మార్చకూడదు. బాకీ అద్దె కింద మినహాయించుకుంటే తప్ప, అది తిరిగి ఇచ్చేదాకా అప్పుగానే ఉంటుంది.