పొగ ఆగినప్పుడు రక్తంలో మందు ఎందుకు పెరుగుతుంది: మా తమ్ముడి దీక్షాకాలపు అనుభవం

ప్రశ్న: "సిగరెట్ మానేస్తే రోజూ వేసుకునే మందుల డోసు కూడా మార్చాలని ఎవరో అన్నారు. నిజమేనా? నికోటిన్ ప్యాచ్ వేసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు కదా?"

కొన్ని మందుల విషయంలో నిజమే. ప్యాచ్ వేసుకున్నా ఆ ఇబ్బంది తప్పదు. మా ఇంట్లో జరిగినది చెబితే ఎందుకో తెలుస్తుంది.

మా తమ్ముడు స్కిజోఫ్రీనియాకు ఎనిమిదేళ్లుగా క్లోజపిన్ వాడుతున్నాడు. అప్పట్లో రోజుకు 400 మిల్లీగ్రాములు వేసుకునేవాడు, ఇరవై సిగరెట్లకు తక్కువ కాకుండా కాల్చేవాడు. ఒక కార్తీకమాసంలో అయ్యప్ప మాల వేసుకుని, ఆ ఉదయమే సిగరెట్టు పూర్తిగా వదిలేశాడు. ఎంతమంది చెప్పినా మానని వాడు స్వామి పేరు మీద మానినందుకు అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా తప్పలేదు, ఎందుకంటే నేనే లెక్కపెట్టి ఇచ్చేదాన్ని.

నాలుగో రోజున భజనలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. తెల్లవారుజామున లేస్తున్నాడు కాబట్టి అలసట అనుకున్నాము. ఆరో రోజుకు దిండు గలీబు లాలాజలంతో పూర్తిగా తడిసిపోతోంది, మలబద్ధకం మొదలైంది. ఒంటిపూట భోజనం కదా అని సరిపెట్టుకున్నాము. ఎనిమిదో రోజున చేయి ఉలిక్కిపడినట్టు కదిలి గ్లాసు జారిపోతే, చన్నీళ్ల స్నానం వల్ల వచ్చిన వణుకని గురుస్వామి కూడా అన్నారు. ప్రతి లక్షణానికీ దీక్షలోనే ఒక కారణం దొరుకుతుండటంతో, మందు మీదకు మా ఆలోచన పోలేదు. పదో రోజు తెల్లవారుజామున స్నానాల గదిలో ఫిట్స్ వచ్చి పడిపోయాడు.

అత్యవసర విభాగంలో తలకు స్కానింగు చేశారు, రక్తంలో సోడియం చూశారు, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. క్లోజపిన్ వాడేవారికి తెల్లరక్తకణాల పరీక్ష చేయాలని అక్కడివారికి తెలుసు, వెంటనే చేశారు కూడా. అయితే ఆ పరీక్షలో కణాల సంఖ్య తెలుస్తుందే తప్ప, రక్తంలో మందు ఎంత ఉందో తెలియదు. ఈ తేడాను మాకు ఎనిమిదేళ్లలో ఎవరూ వివరించలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. సాయంత్రం మా మానసిక వైద్యుడు వచ్చి, మాలను చూసి, "సిగరెట్లు ఎప్పుడు మానేశాడమ్మా?" అని మొట్టమొదట అడిగారు.

ఆయన వివరించినదాని సారాంశం ఇది. పొగాకు కాలినప్పుడు పుట్టే తారులో కొన్ని హైడ్రోకార్బన్లు ఉంటాయి. అవి కాలేయంలోని సీవైపీ 1ఏ2 అనే ఎంజైము ఉత్పత్తిని పెంచుతాయి. క్లోజపిన్‌ను ప్రధానంగా విరగ్గొట్టేది ఆ ఎంజైమే కాబట్టి, పొగతాగేవారిలో మందు త్వరగా ఖర్చయిపోతుంది, దానికి తగ్గట్టు వారికి డోసు ఎక్కువ కావాల్సి వస్తుంది. పొగ ఆగిన క్షణం నుంచి ఆ అదనపు ఎంజైము తగ్గడం మొదలై, రోజున్నర, రెండు రోజులకు సగమవుతుంది, సుమారు వారంలో పొగతాగనివారి స్థాయికి వస్తుంది. వేసుకునే మాత్ర మారదు, దాన్ని ఖర్చుచేసే శక్తి పడిపోతుంది. రక్తంలో క్లోజపిన్ సగటున సగానికి పైగా పెరుగుతుంది, కొందరిలో రెట్టింపు కూడా దాటుతుంది.

ఇదంతా పొగ చేసే పని, నికోటిన్ చేసే పని కాదు. కనుక ప్యాచ్ వేసుకున్నా, నికోటిన్ గమ్ నమిలినా, ఈ-సిగరెట్టుకు మారినా ఎంజైము తగ్గిపోతుంది. ప్యాచ్ సిగరెట్టు మానడానికి తోడ్పడుతుంది, డోసు సమస్యను తీర్చదు. బీడీ అయినా చుట్ట అయినా కాలేది పొగాకే కాబట్టి వాటికీ ఇదే వర్తిస్తుంది. గుట్కా, ఖైనీలలో కాలడం లేదు కనుక వర్తించదు. ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దావిడలను "పొగ తాగుతారా" అని అడగాలని చాలామందికి తోచదు. అడగని ప్రశ్నకు చీటీలో చోటెక్కడ ఉంటుంది?

భయంతో నేను మాత్రలు పూర్తిగా ఆపేద్దామన్నాను. డాక్టరుగారు ఒప్పుకోలేదు. క్లోజపిన్ 48 గంటలకు మించి తప్పితే మళ్లీ అతి తక్కువ డోసు నుంచి మొదలుపెట్టాల్సి వస్తుందని, ఈలోగా జబ్బు తిరగబెడుతుందని చెప్పారు. రాత్రి మాత్ర వేసిన పన్నెండు గంటలకు, ఉదయం మాత్ర ఇవ్వకముందు రక్తం తీయించి, ఫలితానికి నాలుగు రోజులు పడుతుంది కాబట్టి దానికోసం ఆగకుండా ఆ రోజే 300కు తగ్గించారు. ఫలితంలో మిల్లీలీటరుకు 1,040 నానోగ్రాములు ఉంది. రెండేళ్ల క్రితం పొగతాగే రోజుల్లో, అదే 400 డోసు మీద 460 ఉండేది. సాధారణంగా 350కి పైన ఉంచుతారు, 600 దాటితే జాగ్రత్తపడతారు. ఆ పాత కాగితం లేకపోతే, కొత్త అంకె ఎంత పెరిగిందో ఎవరికీ తెలిసేది కాదు. ఆపైన 250కి, తర్వాత 200కు తగ్గించారు. మళ్లీ పరీక్ష చేస్తే 510 వచ్చింది. మత్తు తగ్గింది, ఉలికిపాట్లు పోయాయి.

కథ అక్కడితో ఆగలేదు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన రోజే తమ్ముడు మళ్లీ కాల్చడం మొదలుపెట్టాడు, నా దగ్గర దాచాడు. 200 డోసు పొగతాగేవాడికి చాలలేదు. మూడో వారంలో గోడ అవతల ఎవరో తనను తిడుతున్నారని చెప్పడం మొదలుపెట్టాడు. డోసును మెల్లగా 400కు తీసుకెళ్లాకే ఆ మాటలు ఆగాయి. మానేటప్పుడు మందు స్థాయి పెరగడం ఒక ప్రమాదమైతే, మళ్లీ మొదలుపెట్టినప్పుడు అది తగ్గడం మరొకటి.

థియోఫిలిన్‌దీ ఇదే దారి. ఆయాసానికి వాడే ఈ మందులో పనిచేసే స్థాయికీ విషమయ్యే స్థాయికీ మధ్య ఎడం చాలా తక్కువ. పొగ మానిన వారానికి డోసును పావు నుంచి మూడోవంతు వరకు తగ్గించాల్సి రావచ్చు. వికారం, వాంతులు, చేతుల వణుకు, గుండె దడ ముందు కనిపిస్తాయి. పట్టించుకోకపోతే గుండె లయ తప్పవచ్చు, ఫిట్స్ రావచ్చు. నాకు ఆందోళన కలిగించే విషయమేమిటంటే, ఆయాసం ముదిరి ఆసుపత్రిలో చేరినవారు చేరిన రోజు నుంచే పొగకు దూరమవుతారు. అదే సమయంలో ఇన్ఫెక్షనుకు సిప్రోఫ్లాక్ససిన్ ఇస్తే, అది మిగిలిన సీవైపీ 1ఏ2ను కూడా అడ్డుకుంటుంది. రెండూ కలిసి మందు స్థాయిని ఒకేవైపు నెడతాయి, వాంతులైతే యాంటీబయాటిక్ పడలేదంటారు. పాత చీటీ చూపించి మందుల షాపులో ఏళ్ల తరబడి ఈ మాత్రలు కొనుక్కునే పెద్దలకు, డోసు చూసే మనిషే ఉండడు.

రెండేళ్ల తర్వాత తమ్ముడు మళ్లీ మానాలనుకున్నప్పుడు డాక్టరుగారితో కలిసి పద్ధతి ప్రకారం చేశాము. మానే ముందురోజు రక్తం తీయించాము, వారంలో మెల్లగా 300కు తగ్గించాము, వారం నిండాక మళ్లీ పరీక్ష చేయించి, ఆ అంకెను బట్టి 225 దగ్గర నిలిపాము. మలబద్ధకాన్ని మొదటి రోజు నుంచే గమనించాము, ఎందుకంటే క్లోజపిన్‌తో అది పేగు కదలిక ఆగేదాకా పోగలదు. కాఫీ కూడా తగ్గించాడు, ఎందుకంటే కెఫీన్‌ను ఖర్చుచేసేదీ ఆ ఎంజైమే.

మీరు వాడేది ఈ రెండింటిలో ఒకటైతే, లేదా ఇదే దారిలో పోయే ఓలాంజపిన్ అయితే, మానే తేదీని ముందుగా మీ డాక్టరుకు చెప్పండి, డోసు మీరుగా మార్చకండి. ఇప్పటికే మానేసి ఉంటే, మత్తు గానీ వణుకు గానీ వాంతులు గానీ ఉంటే ఈరోజే వెళ్లండి. మా తమ్ముడి ఫైలు అట్ట మీద డోసు పక్కనే రోజుకు ఎన్ని సిగరెట్లో రాసే గడి ఒకటి గీశాను. ఇప్పుడు అందులో సున్నా ఉంది.