‘సర్దుబాటు కాని సంఘటన’ అనవచ్చునా?

సందేహం: మా కంపెనీ వార్షిక నివేదికను తెలుగులో రాస్తున్నాను. మార్చి 31 తరువాత జరిగినవాటిని ‘సర్దుబాటు సంఘటనలు’, ‘సర్దుబాటు కాని సంఘటనలు’ అని రెండుగా విడదీశాను. రెండో మాట చదివితే పని ఇంకా మిగిలి ఉన్నట్టు అనిపిస్తోందని మా ఆడిటరు గారు అన్నారు. ఏమి రాయాలి? ‘మార్చి 31 నాటికి’ అన్నచోట ‘మార్చి 31న’ అంటే తేడా వస్తుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: ఆడిటరు గారి అభ్యంతరం సరైనదే. తెలుగులో వ్యతిరేక క్రియాజన్య విశేషణానికి కాలభేదం లేదు. ‘వచ్చిన’, ‘వస్తున్న’, ‘వచ్చే’ అని మూడు రూపాలు ఉన్నా, వాటన్నిటికీ ఎదురుగా నిలిచేది ‘రాని’ ఒక్కటే. ‘రానిబాకీ’ అన్నప్పుడు అది ఇంతవరకు రాలేదా, ఇక ఎన్నటికీ రాదా అన్నది సందర్భాన్ని బట్టి గ్రహించవలసిందే. పైగా లెక్కలు రాసేవారి వాడుకలో ‘సర్దుబాటు కాని అడ్వాన్సు’ అంటే ఉద్యోగి తీసుకొని ఇంకా బిల్లులు అప్పగించని సొమ్ము. ఆ మాటకు అలవాటు పడిన పాఠకుడు మీ ‘సర్దుబాటు కాని సంఘటన’ను కూడా రేపో మాపో సర్దవలసినదిగానే చదువుతాడు.

‘సర్దుబాటు అవసరం లేని సంఘటన’ అని మారిస్తే ఒక దోషం పోయి మరొకటి వస్తుంది. అవసరం లేదంటే చేసినా తప్పులేదన్న ధ్వని ఉంది. లెక్కల ప్రమాణమైన ఇండ్ ఏఎస్ 10 చెప్పేది అది కాదు. మార్చి 31 నాటికే ఉన్న పరిస్థితిని రుజువు చేసే మొదటి రకం సంఘటనలకు లెక్కల్లో అంకెలు మార్చి తీరాలనీ, ఆ తరువాత ఏర్పడిన పరిస్థితిని చూపే రెండో రకం వాటికి మార్చనే కూడదనీ, రెండో రకంలో చదువరి నిర్ణయాన్ని ప్రభావితం చేయగలిగినంత పెద్దవాటిని వెల్లడించి తీరాలనీ అది విధిస్తుంది. విధికి మనకు ‘వలసిన’ ఉంది, నిషేధానికి ‘కూడని’ ఉంది. కాబట్టి ‘అంకెలు మార్చవలసిన సంఘటనలు’, ‘అంకెలు మార్చకూడని సంఘటనలు’ అనండి. పేరు కొంచెం పొడవైనా అర్థం చెడదు. ‘సర్దుబాటు’ను వదులుకోవడం ఇష్టం లేకపోతే ‘సర్దుబాటు చేయవలసిన’, ‘సర్దుబాటు చేయకూడని’ అన్నా నాకు సమ్మతమే.

మీ రెండో ప్రశ్న మొదటిదాని కన్నా లోతైనది, ఎందుకంటే ఈ విభజన అంతా ‘న’, ‘నాటికి’ అనే రెండు ప్రత్యయరూపాల మధ్య తేడా మీదనే నిలిచి ఉంది. ‘మార్చి 31న’ అన్నది ఆ రోజున జరిగిన పనిని చెబుతుంది. ‘మార్చి 31 నాటికి’ అన్నది అంతకుముందు ఎప్పుడు మొదలైనా ఆ రోజుకు నెలకొని ఉన్న స్థితిని చెబుతుంది. బ్యాలెన్స్ షీట్ చెప్పేది పనులను కాదు, స్థితిని. అందుకే దాని తలకట్టులో ‘నాటికి’ ఉండాలి, ‘న’ ఉండకూడదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మిర్చి వ్యాపారం చేసే ఒక కంపెనీకి 2025 మార్చి 31 నాటికి ఒక బాకీదారు నుంచి 18 లక్షల రూపాయలు రావలసి ఉంది. పన్నుకు ముందు లాభం 50 లక్షలు తేలింది. ఆ లెక్కలను డైరెక్టర్ల బోర్డు మే 20న ఆమోదించబోతోంది. ఈలోగా ఏప్రిల్ 22న బాకీదారు దివాలా తీశాడని తెలిసింది, 6 లక్షలకు మించి వచ్చేటట్టు లేదు. దివాలా జరిగినది ఏప్రిల్‌లోనే కదా, నిరుటి లెక్కలతో దానికేం పని అని అడగవచ్చు. కాని అతని ఖాతా తిరగేస్తే జనవరి నుంచే వాయిదాలు తప్పాయి, ఫిబ్రవరిలో ఇచ్చిన చెక్కు చెల్లలేదు. అంటే దివాలా ఏప్రిల్ 22న బయటపడినా, మనిషి మార్చి 31 నాటికే చితికిపోయి ఉన్నాడు. కనుక 12 లక్షలను రానిబాకీల కింద 2024-25 లెక్కల్లోనే చూపాలి. లాభం 38 లక్షలకు తగ్గుతుంది.

అదే బాకీదారు మార్చి దాకా ప్రతి వాయిదా గడువులోగా చెల్లించాడనీ, ఏప్రిల్ 22న అతని గోదాము బీమా లేని సరుకుతో సహా తగలబడి అందువల్ల దివాలా తీశాడనీ అనుకోండి. నష్టం అదే 12 లక్షలు, తేదీ అదే, మనిషీ అతడే. అయినా మార్చి 31 నాటికి అతడు నిలదొక్కుకొనే ఉన్నాడు. ఆ దురవస్థ అప్పటికి లేదు, తరువాత ఏర్పడింది. కాబట్టి లాభం 50 లక్షలుగానే ఉంటుంది, నష్టం 2025-26 లెక్కల్లోకి వెళుతుంది. మొత్తం పెద్దది కనుక ఏమి జరిగిందో, దాని ఆర్థిక ప్రభావం సుమారు ఎంతో, అంచనా కట్టలేకపోతే కట్టలేమన్న మాటనైనా, వివరణల్లో రాయాలి. పాత ప్రమాణమైన ఏఎస్ 4 కింద ఉన్న కంపెనీలైతే ఈ వెల్లడిని డైరెక్టర్ల నివేదికలో చేస్తాయి.

అందుచేత మీ వాక్యాల్లో క్రియను జాగ్రత్తగా ఎంచుకోండి. మొదటి రకానికి ‘బయటపడిన’, ‘రుజువైన’ తగినవి, రెండో రకానికి ‘ఏర్పడిన’, ‘తలెత్తిన’ తగినవి. రెండింటికీ ‘జరిగిన’ అని రాస్తే ఉన్న తేడా చెరిగిపోతుంది. అనుమానం వచ్చినప్పుడు ‘మార్చి 31 నాటికే … ఉంది’ అనే చట్రంలో విషయాన్ని పెట్టి చూడండి. ఆ ‘ఏ’కారం నిజాయితీగా నిలబడితే అంకె మారుతుంది. మార్చికి ముందే వేసిన దావాలో మే 10న కోర్టు పరిహారం ఖాయం చేస్తే, ‘చెల్లించవలసిన బాధ్యత మార్చి 31 నాటికే ఉంది’ అనగలం. ఏప్రిల్‌లో షేర్ల ధర పడిపోతే అలా అనలేం, ఎందుకంటే మార్చి 31 నాటి ధర ఆ రోజుకు నిజమైన ధరే.

ఈ చట్రం పనిచేయని చోటు ఒకటి ఉంది. మార్చి 31 తరువాత కంపెనీని మూసివేయాలనే నిర్ణయం జరిగితే, అది తరువాతిదే అయినా, సంస్థ కొనసాగుతుందన్న భావనపై ఆ లెక్కలు తయారు చేయడానికి వీల్లేదు. అక్కడ ఒక అంకె సర్దితే చాలదు, పునాదే మారాలి.

ఇక ‘నివేదిక తేదీ’ అన్న మాట మీ ప్రతిలో ఉంటే తీసివేయండి. అది ఆడిటరు తన నివేదికపై సంతకం చేసిన తేదీగా అర్థమయ్యే ప్రమాదం ఉంది. ‘ముగింపు లెక్కలు’ మన పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన మాటే కనుక మార్చి 31ని ‘లెక్కల ముగింపు తేదీ’ అనండి, మే 20ని ‘లెక్కల ఆమోద తేదీ’ అనండి. మనం మాట్లాడుకుంటున్న సంఘటనలన్నీ ఈ రెండు తేదీల నడుమ జరిగేవే.

అలాగే వెల్లడికి ‘ప్రకటన’ వాడకండి. డివిడెండును ‘ప్రకటిస్తారు’ కనుక రెండు అర్థాలు ఒకచోట కలిసిపోతాయి. ముగింపు తేదీ తరువాత ప్రకటించిన డివిడెండు ఆ తేదీ నాటికి అప్పు కాదు. ఏఎస్ 4 పాటించేవారు ఒకప్పుడు ప్రతిపాదిత డివిడెండును ఆ ఏడాది లెక్కల్లోనే అప్పుగా చూపేవారు, 2016 సవరణతో ఆ పద్ధతి పోయింది. మీరు నమూనాగా పెట్టుకున్నది అంతకుముందు నాటి నివేదిక అయితే అందులోని ఆ వాక్యాన్ని యథాతథంగా దింపుకోకండి.