కబడ్డీ జట్టులో అందరికీ సమాన సమయం: తల్లిదండ్రులకు ఉత్తరం

ప్రశ్న: మా ఊళ్లో పన్నెండేళ్ల పిల్లలకు కబడ్డీ నేర్పుతున్నాను. అందరినీ సమానంగా ఆడిస్తానంటే కొందరు తల్లిదండ్రులు ఒప్పుకోవడం లేదు. వారికి ఉత్తరంలో ఏమని రాయాలి?

జవాబు: నేను పర్లాకిమిడిలో ఇదే వయసు పిల్లలకు నేర్పుతాను. మా ఇళ్లలో మాట తెలుగే అయినా చాలామంది చదువుకున్నది ఒడియాలో కనుక, ఉత్తరాన్ని రెండు లిపుల్లోనూ ఇస్తాను. ఓడిపోయిన తరువాత ఇస్తే సంజాయిషీలా కనిపిస్తుంది కాబట్టి మొదటి ఆటకు ముందే ఇవ్వడం మంచిది. అందులోని ముఖ్యభాగం ఇది:

“తల్లిదండ్రులకు నమస్కారం. మన జట్టులో 12 మంది ఉన్నారు, బరిలో ఒకసారి 7 గురే ఉంటారు. 30 నిమిషాల ఆటను అయిదేసి నిమిషాల 6 భాగాలుగా విడదీస్తే మొత్తం 42 చోట్లు వస్తాయి. అందువల్ల పర్లాకిమిడిలో జరిగే ఆటలో ఆరుగురికి నాలుగేసి భాగాలు, తక్కిన ఆరుగురికి మూడేసి భాగాలు దక్కుతాయి. పాతపట్నంలో జరిగే రెండో ఆటలో ఈ వరుస తారుమారవుతుంది. రెండు ఆటలూ ముగిసేసరికి ప్రతి బిడ్డకూ సరిగ్గా 35 నిమిషాలు వస్తాయి. బాగా కూత పెట్టే అబ్బాయి కూడా, మనం వెనుకబడి ఉన్నా సరే, తన వంతు రాగానే బయట కూర్చుంటాడు.”

అయిదు నిమిషాలకొకసారి ఆట ఆపి పిల్లలను మార్చడానికి అవతలి కోచ్‌తోనూ రిఫరీతోనూ ముందే మాట్లాడుకోవాలి. స్నేహపూర్వక ఆటల్లో ఎవరూ కాదనరు. జిల్లా ఎంపిక పోటీలకు ఈ పద్ధతి వర్తించదని ఉత్తరంలోనే స్పష్టంగా రాయండి, లేకపోతే తరువాత మాట పడాల్సి వస్తుంది.

అయితే కబడ్డీలో నిమిషాల లెక్క ఒక్కటే చాలదు. ఔటైనవారు, అవతలి జట్టులో ఎవరైనా ఔటైనప్పుడు, తాము ఔటైన వరుసలోనే ఒక్కొక్కరుగా బతుకుతారు కనుక, భాగం మొదట్లోనే ఔటైన పిల్లవాడు తన అయిదు నిమిషాలూ పక్కనే కూర్చోవచ్చు. ఔటవడం ఆటలో భాగమే కాబట్టి ఆ సమయాన్ని నేను అతని ఖాతాలోనే వేస్తాను, కానీ కూతల లెక్క వేరుగా రాస్తాను. కూతకు గడువు 30 సెకన్లు కాబట్టి ఒక ఆటలో మన జట్టుకు సుమారు 30 కూతలు వస్తాయి. ప్రతి ఒక్కరికీ రెండేసి ఇచ్చినా ఆరింటి దాకా మిగులుతాయి. వాటిని ఎవరికివ్వాలో కెప్టెన్‌కే వదిలేస్తాను. ఈ లెక్క లేకపోతే బలహీనమైన పిల్లవాడు బరిలో మూలన నిలబడి, ఒక్క కూతకూ వెళ్లకుండానే సమానంగా ఆడినట్టు కాగితం మీద కనిపిస్తాడు.

ఎక్కువగా అభ్యంతరం చెప్పేది జట్టులో మేటి ఆటగాడి తండ్రే. ఆయనకు ఉత్తరంలో ఇలా రాస్తాను: “పన్నెండేళ్ల వయసులో ముందుగా ఎదిగిన పిల్లవాడు ఒంటి బలంతోనే పాయింట్లు తెస్తాడు. రెండు మూడేళ్లలో తక్కినవారు కూడా ఎదిగాక ఆ ఆధిక్యం తగ్గుతుంది, అప్పుడు అతనికి పట్టు కావాలి. కూతలన్నీ అతనివే అయితే, ఔటై పక్కన కూర్చునే సమయం పెరిగి, గొలుసు కట్టి చీలమండ పట్టడం నేర్చుకునే అవకాశం అతనికే తగ్గుతుంది.” నిరుడు ఇది చదివిన ఒక తండ్రి ఒప్పుకోలేదు గానీ, కూతల పుస్తకం తానే రాస్తానని ముందుకు వచ్చారు.